50 జీబీ ఫోల్డర్ జిప్‌గా దింపుతుంటే సగంలో ఆగిపోతోంది: ఏం చేయాలి?

వైదేహి_విజయనగరం
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా తాతగారు హరిదాసు. ఆయన చెప్పిన హరికథలు 24 క్యాసెట్లలో మిగిలాయి. చెన్నైలో ఒక స్టూడియో వాటిని కంప్యూటర్ ఫైళ్లుగా మార్చి, తమ సొంత నెక్స్ట్‌క్లౌడ్ సర్వర్‌లో పెట్టి నాకు లింకు పంపింది. క్యాసెట్‌కు రెండు వైపులు, వైపుకు ఒక వేవ్ ఫైలు, మొత్తం 48. అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. ఒక్కొక్కటి 1.04 జీబీ, మొత్తం దాదాపు 50 జీబీ.

పైన ఉన్న డౌన్‌లోడ్ బటన్ నొక్కితే జిప్ మొదలవుతుంది. మూడు రాత్రులు ప్రయత్నించాను. మొదటిసారి 17.9 జీబీ దగ్గర, రెండోసారి 11.2 దగ్గర, మూడోసారి 18.1 దగ్గర ఆగిపోయింది. ప్రతిసారీ మళ్లీ సున్నా నుంచే. లింకు ఇంకా తొమ్మిది రోజులే పనిచేస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు, ఇంట్లో ఫైబర్ నెట్. డిస్క్‌లో 300 జీబీ ఖాళీ ఉంది. ఎక్కడ పొరపాటు జరుగుతోందో చెప్పగలరా?

ఫణి_హార్డ్‌వేర్
సోమవారం, రాత్రి 10:05

దింపుతున్నది పెన్‌డ్రైవ్‌లోకా, ల్యాప్‌టాప్ డిస్క్‌లోకా? ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు. మా దుకాణానికి ఈ సమస్యతో చాలామంది వస్తారు. ఎక్స్‌ఫాట్‌గానో ఎన్‌టీఎఫ్ఎస్‌గానో మార్చి మళ్లీ ప్రయత్నించండి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందు వేరేచోట దాచుకోండి.

సుబ్బారావు_సర్వర్లు
సోమవారం, రాత్రి 10:31

ఫణి గారు చెప్పిన పరిమితి నిజమే, కానీ ఈ సమస్యకు అది కారణం కాదు. అదే అయితే మూడుసార్లూ సరిగ్గా 4 జీబీ దగ్గర, ఒక్క బైటు కూడా తేడా లేకుండా ఆగేది. వైదేహి గారికి 18 జీబీ దాకా వచ్చింది.

వైదేహి గారూ, రెండు సంగతులు చూసి చెప్పండి. జిప్ దిగుతున్నప్పుడు బ్రౌజరు "ఇంత మొత్తంలో ఇంత వచ్చింది" అని చూపుతోందా, లేక వచ్చింది మాత్రమే చూపుతోందా? రెండోది, ఫైర్‌ఫాక్స్ వదిలేసిన `.part` ఫైళ్లు మిగిలి ఉంటే ఒక్కొక్కదానిపై కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. ఆ ఫైలు పుట్టిన సమయమూ చివరిసారి మారిన సమయమూ ఉంటాయి. ఆ రెండింటి మధ్య తేడా ఎంత?

వైదేహి_విజయనగరం
సోమవారం, రాత్రి 11:02

మొత్తం ఎంతో చూపడం లేదు. వచ్చిన జీబీలు మాత్రమే పెరుగుతూ పోతాయి, ఇంకా ఎంతసేపు పడుతుందో కూడా చెప్పదు. `.part` ఫైళ్లు మూడూ ఉన్నాయి. తేడాలు చూశాను. మొదటిది గంటా కొన్ని సెకన్లు, రెండోదీ అంతే, మూడోదీ అంతే! రెండో రాత్రి నెట్ బాగా నెమ్మదిగా ఉందని గుర్తు.

సుబ్బారావు_సర్వర్లు
సోమవారం, రాత్రి 11:28

అయితే కారణం దొరికినట్టే. ఆగిన పరిమాణాలు వేర్వేరు, పట్టిన సమయం మాత్రం ఒక్కటే. సెకనుకు 5 ఎంబీ వేగంతో గంటకు 18 జీబీ వస్తుంది. నెట్ నెమ్మదించిన రాత్రి సెకనుకు సుమారు 3.1 ఎంబీ వచ్చి ఉంటుంది, అది గంటకు 11.2 జీబీ. మీ లెక్కకు సరిగ్గా సరిపోయింది. అవతలి సర్వర్‌లో ఎక్కడో "ఒక్క అభ్యర్థనకు 3600 సెకన్లు, ఆ తరువాత తెంచెయ్" అనే నియమం ఉంది. అది పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంలోని `request_terminate_timeout` కావచ్చు, దాని ముందు నిలబడ్డ ప్రాక్సీలో కావచ్చు. ఏది అన్నది వాళ్ల యంత్రం చూస్తే గాని తెలియదు.

ఆగిన ప్రతిసారీ ఇలా చూడడం అలవాటు చేసుకోండి. ఎప్పుడూ ఒకే సమయానికి తెగితే అవతలి గడువు. ఎప్పుడూ ఒకే పరిమాణం దగ్గర తెగితే మీ డిస్కో, ఫార్మాటో. రెండూ మారుతూ ఉంటే మీకూ సర్వర్‌కూ మధ్య ఉన్న దారి.

ఇక సున్నా నుంచి ఎందుకు మొదలవుతోందంటే, ఆ జిప్ సర్వర్‌లో ఎక్కడా తయారై లేదు. మీరు బటన్ నొక్కాక సర్వర్ ఒక్కో వేవ్ ఫైలును చదువుతూ, జిప్ రూపంలో చుట్టుతూ, అప్పటికప్పుడు మీకు పంపుతుంది. చివరికి ఎంతవుతుందో ముందే చెప్పదు, అందుకే మీకు మొత్తం కనబడలేదు. తెగాక "18వ జీబీ నుంచి ఇవ్వు" అని బ్రౌజరు అడగడానికి అక్కడ ఫైలే లేదు, మళ్లీ మొదటి క్యాసెట్ నుంచి చుట్టడమే.

రమణ_డౌన్‌లోడ్స్
మంగళవారం, ఉదయం 7:15

ఇంత ఆలోచన ఎందుకు? ఏదైనా డౌన్‌లోడ్ మేనేజరు పెట్టుకోండి. 16 ముక్కలుగా చీల్చి ఒకేసారి లాగుతుంది, తెగినా ఆగినచోట నుంచే కొనసాగిస్తుంది. నేను పెద్ద పెద్ద లినక్స్ ఐఎస్ఓలు ఏళ్లుగా అలాగే తెచ్చుకుంటున్నాను, ఒక్కసారీ చెడలేదు.

సుబ్బారావు_సర్వర్లు
మంగళవారం, ఉదయం 8:40

రమణ గారూ, ఐఎస్ఓ విషయంలో మీ మాట నూటికి నూరుపాళ్లు సరైనది. ఐఎస్ఓ సర్వర్ డిస్క్ మీద కదలకుండా ఉన్న ఒకే ఫైలు. దాని పొడవు తెలుసు, మధ్యలోంచి ఏ ముక్కనైనా అడగవచ్చు. అప్పటికప్పుడు చుట్టే జిప్‌కు ఆ రెండూ లేవు. డౌన్‌లోడ్ మేనేజరు 16 చోట్ల నుంచి అడిగితే సర్వర్ వాటిని పట్టించుకోకుండా మొదటి నుంచే పంపుతుంది, లేదా 16 జిప్‌లు ఒకేసారి చుట్టడం మొదలుపెట్టి కుంగిపోతుంది.

అయితే అదే ఫోల్డర్‌లో ఒక్క వేవ్ ఫైలును విడిగా నొక్కితే కథ మారుతుంది. అది అసలైన ఫైలు, పొడవు కనిపిస్తుంది, తెగితే అక్కడి నుంచే అందుకోవచ్చు. అప్పుడు మీ మేనేజరు చక్కగా పనిచేస్తుంది.

నాగమణి
మంగళవారం, ఉదయం 10:10

నాకు ఈ ప్రాక్సీలూ అవీ తెలియవు. కానీ మా అమ్మాయి పెళ్లి ఫొటోలు ఇలాంటి లింకు నుంచే తెచ్చుకున్నాను. ఫైళ్ల పక్కన చిన్న గడులు ఉంటాయి కదా, పది పది టిక్ పెట్టి దింపుకున్నాను. ఒక్కొక్క జిప్ చిన్నదై త్వరగా వచ్చేసింది. వైదేహి గారు కూడా అలా చేయకూడదా?

సుబ్బారావు_సర్వర్లు
మంగళవారం, ఉదయం 10:52

నాగమణి గారి ఉపాయమే అన్నిటికంటే సులువు. కొత్త సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. మీ నెట్‌కు పది ఎక్కువ కావచ్చు వైదేహి గారూ, ఎనిమిది పెట్టుకోండి. ఎనిమిది ఫైళ్లంటే 8.3 జీబీ. మంచి వేగంలో 28 నిమిషాలు, నెమ్మదిగా ఉన్న రాత్రి 45 నిమిషాలు. గంట గడువుకు లోపలే ముగుస్తుంది. ఆరు విడతలు.

ఇర్ఫాన్_కర్నూలు
మంగళవారం, మధ్యాహ్నం 1:20

నాదీ ఇదే సమస్య అనుకుంటున్నాను. గూగుల్ డ్రైవ్‌లో 30 జీబీ ఫోల్డర్. దింపితే పేరు చివర 001 అని ఉన్న 2 జీబీ జిప్ ఒకటి వచ్చింది, మిగతావి రాలేదు. అన్నీ వస్తే గాని కలపడం కుదరదని మిత్రుడు అంటున్నాడు. 7-జిప్‌తో కలపాలట.

రమణ_డౌన్‌లోడ్స్
మంగళవారం, మధ్యాహ్నం 1:45

అవును, 001, 002 అని ఉంటే అన్నీ ఒకేచోట పెట్టి మొదటిదాని మీద నొక్కాలి. ఒక్కటి తగ్గినా తెరుచుకోదు.

సుబ్బారావు_సర్వర్లు
మంగళవారం, మధ్యాహ్నం 2:30

ఒకే జిప్‌ను కోసి ముక్కలు చేసినప్పుడు రమణ గారు చెప్పినట్టే చేయాలి. వాటి పేర్లు `.zip.001` అనో `.z01` అనో ముగుస్తాయి. డ్రైవ్ ఇచ్చేవి అలాంటి ముక్కలు కావు. పేరు `-001.zip` అని ముగుస్తుంది, ప్రతి ఒక్కటీ తనంతట తాను పూర్తి జిప్. ఇర్ఫాన్ గారు ఆ ఒక్కదాన్ని ఇప్పుడే తెరవవచ్చు, అందులోని ఫైళ్లు బాగానే ఉంటాయి.

మిగతావి రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం బ్రౌజరే. ఒకే సైటు వరుసగా చాలా ఫైళ్లు దింపబోతే క్రోమ్ అనుమతి అడుగుతుంది. ఆ చిన్న కిటికీ చూడకపోయినా, వద్దు అని నొక్కినా మొదటిది మాత్రమే వస్తుంది. చిరునామా పట్టీ చివర ఒక గుర్తు ఉందేమో చూడండి. ఒక్క జాగ్రత్త, మళ్లీ మొదలుపెడితే ఏ ఫైలు ఏ సంఖ్య జిప్‌లోకి వెళ్తుందో మారవచ్చు. అందుకే పాత 001, కొత్త 002 కలిపితే అన్నీ వచ్చినట్టే అనుకోకండి, విప్పాక ఫైళ్లను లెక్కపెట్టండి.

వైదేహి_విజయనగరం
బుధవారం, ఉదయం 6:50

నిన్న రాత్రి ఎనిమిదేసి చొప్పున మొదలుపెట్టాను. మొదటి జిప్ 31 నిమిషాల్లో పూర్తిగా వచ్చింది! నాలుగు రోజుల తరువాత తాతగారి గొంతు విన్నాను. రెండో విడతలో ఏడో ఫైలు దిగుతుండగా మా వీధిలో కరెంటు పోయింది. రౌటర్ ఆగిపోయి ఆ జిప్ మొత్తం పోయింది. గడువు ఒక్కటే కాదు, కరెంటు కూడా ఉంది చూసుకోవాల్సింది.

పోయిన జిప్‌లో దిగిన ఆరు ఫైళ్లయినా దొరుకుతాయా? మొదటిరోజు 17.9 జీబీ కూడా అలాగే ఉంది.

ఫణి_హార్డ్‌వేర్
బుధవారం, ఉదయం 9:30

`.part` ఫైలును వేరేచోటికి కాపీ చేసి, చివర `.zip` అని పేరు మార్చి 7-జిప్‌తో తెరిచి చూడండి. విండోస్ సొంత కిటికీలో తెరవకండి, అది పాడైందని చెప్పి ఊరుకుంటుంది. జిప్ లోపలి ఫైళ్ల జాబితా అంతా చివర్లో ఉంటుంది. మధ్యలో తెగిన జిప్‌కు ఆ చివర లేదు కాబట్టి విండోస్ వెనక్కి తగ్గుతుంది. 7-జిప్ మొదటి నుంచి వెతుక్కుంటూ పోతుంది. అన్నిసార్లూ కుదరదు, కానీ ప్రయత్నిస్తే పోయేదేమీ లేదు.

వైదేహి_విజయనగరం
బుధవారం, ఉదయం 11:15

ఫణి గారూ, మీకు ఎంతో రుణపడి ఉన్నాను. 17.9 జీబీ దాన్ని 7-జిప్ తెరిచింది. 17 ఫైళ్లు విప్పింది, 18వ దాని దగ్గర డేటా అనుకోకుండా ముగిసిందని చెప్పింది. 18వది కూడా ప్లేయర్‌లో కాసేపు మోగుతోంది. దాన్ని ఉంచుకోవచ్చా?

సుబ్బారావు_సర్వర్లు
బుధవారం, మధ్యాహ్నం 12:05

దయచేసి ఉంచుకోకండి. ఇప్పుడే తొలగించండి. మోగే ఫైలు మంచి ఫైలు అనుకుని పక్కన పెడతారు, రెండేళ్ల తరువాత పదో నిమిషంలో హరికథ తెగిపోయినప్పుడు లింకూ ఉండదు, స్టూడియో దగ్గర కాపీ ఉంటుందో లేదో కూడా తెలియదు. ఆ 17 కూడా స్టూడియో లెక్కతో సరిచూసే దాకా తాత్కాలికమే అనుకోండి.

మీ వీధి కరెంటు సంగతి విన్నాక నేను మరో దారి సూచిస్తాను. జిప్ అనేదే లేకుండా ఫైళ్లను ఫైళ్లుగానే తెచ్చుకోండి. తెగడం ఆపలేం. తెగినప్పుడు ఎంత పోతుందన్నది మాత్రం మన చేతిలో ఉంది. ఒకే జిప్ అయితే మొత్తం పోతుంది, ఎనిమిదేసి అయితే 8 జీబీ, ఫైలు ఫైలుగా అయితే ఒక్క జీబీ.

ఆర్‌క్లోన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, విండోస్‌లో ఒకే ఒక `rclone.exe` ఫైలు. నెక్స్ట్‌క్లౌడ్ పబ్లిక్ లింకులను, సర్వర్‌లోని ఫైళ్లను మామూలు ఫోల్డర్‌లా చూపే వెబ్‌డావ్ దారిలో కూడా తెరవవచ్చు. మీ లింకులో `/s/` తరువాత ఉన్న అక్షరాలను `TOKEN` స్థానంలో, స్టూడియో చిరునామాను `SERVER` స్థానంలో పెట్టి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఒకే వరుసగా ఇవ్వండి:

```
rclone copy :webdav: D:\harikatha --webdav-url https://SERVER/public.php/webdav --webdav-user TOKEN --transfers 2 -P
```

లింకుకు పాస్‌వర్డ్ ఉంటే చెప్పండి, దానికి ఇంకో మాట చేర్చాలి. `--transfers 2` అంటే ఒకేసారి రెండు ఫైళ్లు. ఎక్కువ పెడితే మీ నెట్ వేగం పెరగదు, తెగినప్పుడు సగంలో ఉన్నవి మాత్రం ఎక్కువవుతాయి.

వైదేహి_విజయనగరం
బుధవారం, రాత్రి 8:20

పాస్‌వర్డ్ లేదు. అలాగే ఇచ్చాను, కానీ `401 Unauthorized` అని వస్తోంది. అక్షరాలు మూడుసార్లు సరిచూశాను.

సుబ్బారావు_సర్వర్లు
బుధవారం, రాత్రి 8:55

మీ పొరపాటు కాదు. ఇతర సర్వర్లతో పంచుకోవడాన్ని నిర్వాహకులు ఆపివేసిన నెక్స్ట్‌క్లౌడ్‌లు, బ్రౌజరు నుంచి వచ్చినట్టు కనిపించని అభ్యర్థనను ఈ దారిలో తిప్పి పంపుతాయి. అదే కమాండ్ చివర ఇది చేర్చండి:

```
--header "X-Requested-With: XMLHttpRequest"
```

అప్పటికీ 401 వస్తే లింకు గడువు తీరిందేమో బ్రౌజరులో తెరిచి చూడాలి.

మాస్టారు_తెనాలి
బుధవారం, రాత్రి 9:30

అమ్మా వైదేహీ, ఇదంతా చదివాక ఒక్క మాట అడగాలనిపించింది. స్టూడియో వాళ్లను 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసి కొరియర్‌లో పంపమంటే? చెన్నై నుంచి మీ ఊరికి రెండు మూడు రోజుల్లో వస్తుంది. క్యాసెట్లు ఎలాగూ తిరిగి పంపాలి కదా, వాటితోపాటే రావచ్చు.

వైదేహి_విజయనగరం
బుధవారం, రాత్రి 9:48

మాస్టారూ, అడిగాను. క్యాసెట్లు ఇప్పటికే పంపేశారట, దారిలో ఉన్నాయి. ఇప్పుడు విడిగా పంపాలంటే వచ్చే వారం అంటున్నారు. మీరు చెప్పినట్టు ముందే అడిగి ఉండాల్సింది.

హెడర్ చేర్చాక పనిచేస్తోంది! ఫైళ్లు ఒక్కొక్కటే వస్తున్నాయి, శాతం కూడా కనిపిస్తోంది. రాత్రంతా వదిలేస్తాను.

సుబ్బారావు_సర్వర్లు
బుధవారం, రాత్రి 10:02

మంచిది. ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్లకుండా పవర్ సెట్టింగ్ మార్చండి. తెగితే భయపడకుండా అదే కమాండ్ మళ్లీ ఇవ్వండి. పూర్తయిన ఫైళ్లను పరిమాణం చూసి వదిలేస్తుంది, సగంలో ఉన్నదాన్ని మాత్రం మొదటి నుంచి తెస్తుంది. ఒక ఫైలు మధ్యలోంచి అందుకోవడం దీనికీ రాదు. మీవి ఒక్క జీబీ ఫైళ్లు కాబట్టి ఫరవాలేదు, ఒకే ఫైలు 40 జీబీ అయితే మాత్రం దీన్ని సూచించేవాణ్ని కాదు. అప్పుడు రమణ గారి డౌన్‌లోడ్ మేనేజరే మేలు.

దిగడం పూర్తయ్యే లోపు స్టూడియోను ఎస్‌హెచ్ఏ256 జాబితా అడగండి, అంటే ఒక్కో ఫైలు లోపలి డేటా నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి సంఖ్యల జాబితా. సర్వర్ దగ్గర ఒక్క కమాండ్‌తో వస్తుంది.

వైదేహి_విజయనగరం
శుక్రవారం, ఉదయం 7:30

48 ఫైళ్లూ వచ్చాయి! బుధవారం రాత్రి ఒకసారి కరెంటు పోయింది. ఉదయం మళ్లీ అదే కమాండ్ ఇస్తే దిగిన 31 ఫైళ్లను తాకకుండా మిగతావి మొదలుపెట్టింది. స్టూడియో నిన్న సాయంత్రం జాబితా పంపింది. ఎలా సరిచూడాలి?

సుబ్బారావు_సర్వర్లు
శుక్రవారం, ఉదయం 8:10

ఆర్‌క్లోన్‌తోనే:

```
rclone checksum sha256 SHA256SUMS.txt D:\harikatha
```

డిస్క్ మొత్తం చదవాలి కాబట్టి సమయం పడుతుంది. తేడా ఉన్నవాటిని పేరుతో చెబుతుంది.

వైదేహి_విజయనగరం
శుక్రవారం, ఉదయం 10:40

47 సరిపోయాయి. ఒక్కటి, 19వ క్యాసెట్ రెండో వైపు, తేడా ఉందంటోంది. పరిమాణం సర్వర్‌లో చూపినంతే ఉంది. దాన్ని తొలగించి మళ్లీ దింపాను, మళ్లీ తేడానే. వినడానికి బాగానే ఉంది.

రమణ_డౌన్‌లోడ్స్
శుక్రవారం, ఉదయం 11:00

మీ డిస్క్‌లో చెడిన భాగం ఉండవచ్చు. వేరే డ్రైవ్‌లోకి దింపి చూడండి.

సుబ్బారావు_సర్వర్లు
శుక్రవారం, ఉదయం 11:25

రమణ గారి అనుమానం తీసిపారేయలేం, కానీ ముందు ఇంకొకటి చూడండి. ఇప్పుడు దింపినదాన్ని వేరే పేరుతో ఉంచి, ఇంకోసారి దింపి, రెండింటికీ `certutil -hashfile FILE SHA256` తో, `FILE` స్థానంలో ఫైలు పేరు పెట్టి, లెక్క తీయండి. డిస్క్ చెడితే సాధారణంగా రెండు లెక్కలూ వేర్వేరుగా వస్తాయి. రెండూ ఒక్కటై జాబితాతో మాత్రమే కలవకపోతే, మీ దగ్గర ఉన్నది సర్వర్‌లో ఉన్నదే. జాబితా తీసిన ఫైలూ సర్వర్‌లో ఉన్న ఫైలూ వేరు.

వైదేహి_విజయనగరం
శుక్రవారం, మధ్యాహ్నం 12:50

రెండూ ఒక్కటే వచ్చాయి. స్టూడియోకు ఫోన్ చేశాను. ఆ వైపు రెండుసార్లు రికార్డు చేశారట. ఒకదానిలో మధ్యలో టేపు కాస్త జారింది. జాబితా తీసింది ఏ రికార్డింగుతోనో, సర్వర్‌లో పెట్టింది ఏదో చూసి సోమవారం చెబుతామన్నారు. అప్పటిదాకా లింకు ఉంచమని అడిగాను.

ఇర్ఫాన్_కర్నూలు
శుక్రవారం, సాయంత్రం 5:15

బ్రౌజరు అనుమతి ఇచ్చాక నాకు మిగతా జిప్‌లు వచ్చాయి, అన్నీ తెరుచుకున్నాయి. కానీ నేను వాడేది లినక్స్. రెండు ఫైళ్లు మాత్రం పేరు మరీ పొడవని విప్పలేదు. పేర్లు తెలుగులో ఉన్నాయి, అక్షరాలు లెక్కపెడితే యాభై కూడా లేవు.

సుబ్బారావు_సర్వర్లు
శుక్రవారం, సాయంత్రం 6:00

లినక్స్ ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. తెలుగులో ఒక్కో సంకేతం మూడు బైట్లు తింటుంది, గుణింతమూ ఒత్తూ విడిగా లెక్కకు వస్తాయి. "శ్రీ" మనకు ఒక్క అక్షరం, యంత్రానికి నాలుగు సంకేతాలు, 12 బైట్లు. డ్రైవ్‌లోనే ఆ రెండు పేర్లు కుదించి, ఆ రెండింటినే విడిగా దింపుకోండి. మీకు మార్చే అనుమతి లేకపోతే పంపినవారిని అడగండి.

ఇర్ఫాన్_కర్నూలు
శుక్రవారం, సాయంత్రం 6:20

అనుమతి లేదు, అడుగుతాను. విప్పేటప్పుడే పేరు మార్చే దారి ఏదైనా ఉందా? ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.